చేసిన పనికి, చదివిన పాఠానికి ముడి ఎక్కడ పడుతుంది? ఇంటర్న్‌షిప్ రిఫ్లెక్టివ్ స్టేట్‌మెంట్ రాయడం గురించి

“ఈ ఇంటర్న్‌షిప్‌లో నేను ట్యాలీలో ఎంట్రీలు చేయడం నేర్చుకున్నాను. జీఎస్టీ రిటర్నుల మీద అవగాహన వచ్చింది. క్లాసులో చదువుకున్న అకౌంటింగ్ సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో తెలిసింది. నా కమ్యూనికేషన్ స్కిల్స్ కూడా మెరుగుపడ్డాయి.”

బీకాం విద్యార్థులు ఇంటర్న్‌షిప్ ముగిశాక రాసిచ్చే రిఫ్లెక్టివ్ స్టేట్‌మెంట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఇందులో అబద్ధం లేదు. రాసిన అమ్మాయి నిజంగానే రెండు నెలలు ఎండలో బస్సెక్కి ఆడిటర్ ఆఫీసుకు వెళ్లొచ్చింది, నిజంగానే ఎంట్రీలు చేసింది. కానీ ఈ నాలుగు వాక్యాలను ఆఫీసుకు వెళ్లని వాళ్లు కూడా రాయగలరు. దిద్దే లెక్చరర్‌కు అక్కడే చిక్కు వస్తుంది. ఆమె ఏం నేర్చుకుందో కాగితం మీద కనిపించదు, కనిపించనిదానికి మార్కు వేయడం కుదరదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మొదలైన డిగ్రీ విధానంలో మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్ పెట్టారు. వీటన్నిటికీ క్రెడిట్లున్నాయి. క్రెడిట్ అంటే ఏమిటో ఒకసారి సరిగ్గా చూస్తే స్టేట్‌మెంట్ ఎందుకు అడుగుతున్నారో అర్థమవుతుంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ఒక క్రెడిట్‌కు 30 గంటల అభ్యాసం అని లెక్క కట్టింది. అభ్యాసం అన్నారు గానీ హాజరు అనలేదు. ఎన్ని రోజులు వెళ్లారో చెప్పడానికి ఆఫీసు వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఉంది, ఏం పని చేశారో చెప్పడానికి రోజువారీ లాగ్ ఉంది. ఆ పని వల్ల మీ ఆలోచనలో ఏం మారిందో చెప్పేది మాత్రం ఈ స్టేట్‌మెంట్ ఒక్కటే. అందుకే దీన్ని రిపోర్టులో చివర అతికించే ‘ముగింపు’లాగా రాస్తే దాని పని అది చేయదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు అవగాహనతో మొదలుపెడతారు. పనిని, సిద్ధాంతాన్ని కలపడమంటే పుస్తకంలో ఉన్నది ఆఫీసులోనూ ఉందని చూపించడమే అనుకుంటారు. “క్లాసులో డబుల్ ఎంట్రీ చదివాం, ఇక్కడ కూడా డబుల్ ఎంట్రీయే వాడుతున్నారు” అని రాస్తారు. వాడక ఏం చేస్తారు? ఆ వాక్యం వల్ల పాఠం గురించీ కొత్తగా తెలిసింది లేదు, పని గురించీ తెలిసింది లేదు. నా అభిప్రాయంలో స్టేట్‌మెంట్‌కు ప్రాణం ఉండేది సిద్ధాంతం ఎంతవరకు పనికొచ్చి ఎక్కడ ఆగిపోయిందో పట్టుకునే చోట. ఆగిపోయిన చోట మీరేం చేశారు, దానివల్ల మీ అంచనా ఎలా మారింది అన్నదే మీరు నేర్చుకున్నది. ఇది ఒట్టి మాటగా చెబితే తలకెక్కదు. ఒక పనిని తీసుకుని చివరిదాకా చూద్దాం.

ఆరు బిల్లుల కథ

తెనాలి లాంటి ఊళ్లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు అనుకుందాం. మే నెల. బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో సంవత్సరం పూర్తిచేసిన అమ్మాయి అక్కడ ఇంటర్న్. పైపులు, శానిటరీ సామాన్లు అమ్మే ఒక దుకాణం ఫైలు ఆమె చేతిలో పెట్టి, ఏప్రిల్ కొనుగోళ్లను GSTR-2B తో సరిచూడమన్నారు.

కామర్స్ కానివాళ్ల కోసం రెండు ముక్కలు. దుకాణదారుడు సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, తను అమ్మినప్పుడు కట్టాల్సిన జీఎస్టీలోంచి మినహాయించుకోవచ్చు. దాన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. అయితే బిల్లు చేతిలో ఉంటే చాలదు. అమ్మినవాడు ఆ బిల్లును తన GSTR-1 రిటర్న్‌లో చూపించాలి. అలా చూపించిన బిల్లులన్నీ కొన్నవాడి ఖాతాలో ప్రతినెలా 14న GSTR-2B అనే పట్టికగా వస్తాయి. 2022 జనవరి 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం అమ్మినవాడు ఇలా చూపించని బిల్లుకు క్రెడిట్ తీసుకోకూడదు. అందుకని 20వ తేదీన ఆ నెల పన్ను లెక్క తేల్చి కట్టే GSTR-3B రిటర్న్ వేసేలోపు తన పుస్తకాలనూ 2B నీ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

దుకాణం పుస్తకాల్లో ఏప్రిల్‌లో 64 కొనుగోలు బిల్లులున్నాయి. 2B తో పోల్చితే 58 సరిపోయాయి. ఆరు మిగిలాయి.

ఆ ఆరింటినీ ఒక్కొక్కటే తీసి చూసింది. మూడింటిలో సమస్య బిల్లు నంబరు. సరఫరాదారుడు రిటర్న్‌లో ‘PH/0117’ అని వేస్తే, దుకాణంలో గుమస్తా ‘117’ అని ఎక్కించాడు. మనిషికి రెండూ ఒకటే గానీ కంప్యూటర్‌కు కావు. నాలుగోదాంట్లో సరఫరాదారుడు దుకాణం జీఎస్టీ నంబరులో ఒక అక్షరం తప్పుగా కొట్టాడు. ఐదో బిల్లు ఇచ్చినవాడు రిటర్న్ ఆలస్యంగా వేశాడు. మే 11 గడువు దాటిపోయింది కాబట్టి ఆ బిల్లు వచ్చే నెల 2B లో కనిపిస్తుంది. ఆరోది అన్నిటికంటే పెద్దది. సరుకు విలువ 85,000 రూపాయలు, దానిమీద 18 శాతం చొప్పున 15,300 జీఎస్టీ. ఈ బిల్లు ఎందుకు రాలేదో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. సీనియర్ ఆ సరఫరాదారుడి ఫోను నంబరు ఇచ్చి “నువ్వే అడుగమ్మా” అన్నాడు.

“సార్, ఏప్రిల్ బిల్లు ఒకటి మాకు టూబీలో కనపడలేదండీ. రిటర్న్ వేశారా?”

“మేం మూడు నెలలకోసారి వేస్తామమ్మా. జూలైలో చూసుకోండి, వచ్చేస్తుంది.”

ఆ సరఫరాదారుడు QRMP పథకంలో ఉన్నాడు. ఏడాది టర్నోవర్ ఐదు కోట్ల లోపు ఉన్నవాళ్లు ఇలా మూడు నెలలకోసారి రిటర్న్ వేసుకోవచ్చు. ఏప్రిల్, మే, జూన్ బిల్లులన్నీ కలిపి జూలై 13 లోపు చూపిస్తే చాలు. మధ్య నెలల్లో కొన్నవాళ్లకు ఇబ్బంది రాకుండా IFF అని ఒక వెసులుబాటు ఉంది. ఆ నెల బిల్లులను తర్వాతి నెల 13 లోపు అందులో ఎక్కించవచ్చు. కానీ అది ఐచ్ఛికం. ఈయన వాడలేదు.

పని ఇంతే. మామూలుగా అయితే లాగ్‌బుక్‌లో “GSTR-2B రీకన్సిలియేషన్ చేశాను” అని ఒక లైను పడి ఊరుకుంటుంది. ఇప్పుడు దీన్ని పాఠంతో ఎలా ముడివేయాలో చూద్దాం.

పాఠం ఎంతదూరం వచ్చింది

ఆమె మొదటి సంవత్సరంలో బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్, పొట్టిగా బీఆర్‌ఎస్, చదివింది. మన క్యాష్ బుక్‌లో ఒక నిల్వ, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో నిల్వ ఉంటాయి. ఒకే లావాదేవీని ఇద్దరు వేర్వేరుగా రాసుకున్నప్పుడు తేడాలొస్తాయి, వాటికి కారణాలు రెండు రకాలు. ఒకటి కాలం తెచ్చే తేడా. మనం చెక్కు ఇచ్చాం, తీసుకున్నవాడు ఇంకా బ్యాంకులో వేయలేదు. రెండోది తప్పు. ఎవరో ఒకరు అంకె తప్పు వేశారు, లేదా రాయడం మరిచిపోయారు. మొదటి రకాన్ని పట్టికలో చూపించి వదిలేస్తాం, రెండోదాన్ని సరిదిద్దుతాం.

ఆ ఆరు బిల్లుల ముందు కూర్చున్నప్పుడు ఆమెకు సరిగ్గా ఈ పాఠమే అక్కరకొచ్చింది. మూడు నంబరు తేడాలూ, ఒక జీఎస్టీ నంబరు తేడా తప్పుల గుంపులోకి వెళ్లాయి. ఆలస్యపు రిటర్నూ, మూడు నెలల రిటర్నూ కాలం తెచ్చిన తేడాల గుంపులోకి వెళ్లాయి. తప్పుల్లోనూ మళ్లీ విడదీసింది. నంబరు తేడాలు దుకాణం పుస్తకాల్లోవే కాబట్టి తామే దిద్దుకోవచ్చు. జీఎస్టీ నంబరు తప్పును మాత్రం సరఫరాదారుడే తన తర్వాతి రిటర్న్‌లో సవరించాలి. ఇలా సిద్ధాంతం ఆరు బిల్లుల కుప్పను ఆమె చేయగల పనులుగా విడగొట్టింది. “బీఆర్‌ఎస్ కాన్సెప్ట్ ఉపయోగపడింది” అని రాయడానికీ, ఆ కాన్సెప్ట్ ఏ బిల్లును ఏ గుంపులో వేసిందో రాయడానికీ మధ్య ఎంత దూరం ఉందో గమనించండి.

ఒక పరీక్ష ఉంది, ఏ స్టేట్‌మెంట్‌కైనా పెట్టి చూడొచ్చు. సిద్ధాంతం పేరు ఉన్న వాక్యాన్ని పేరా నుంచి తీసేయండి. మిగతా పేరా చెక్కుచెదరకుండా నిలబడితే ఆ సిద్ధాంతం అక్కడ అలంకారానికి పెట్టిందే. ఆడిటర్ ఆఫీసులో రెండు నెలలు పనిచేసి మాస్లో అవసరాల నిచ్చెన గురించి, ఫేయోల్ పద్నాలుగు సూత్రాల గురించి ఒక పేరా రాసినవి ఎన్నో కనిపిస్తాయి. అవి తీసేసినా ఏమీ పోదు. ఇక్కడ బీఆర్‌ఎస్ పాఠాన్ని తీసేస్తే, ఆమె బిల్లులను అలా ఎందుకు విడదీసిందో చెప్పలేం.

పాఠం ఎక్కడ ఆగింది

చాలామంది ఇక్కడికే ఆపేస్తారు. అసలు రాయాల్సింది ఇక్కడి నుంచే.

బీఆర్‌ఎస్‌లో కాలం తెచ్చిన తేడాకు మనం ఏమీ చేయనక్కర్లేదు. చెక్కు ఎప్పుడో ఒకప్పుడు బ్యాంకుకు చేరుతుంది, తేడా దానంతటదే పోతుంది. ఈలోగా మన జేబుకు చిల్లు పడదు. ఆ అలవాటుతోనే ఆమె ఆరో బిల్లు పక్కన ‘టైమింగ్ డిఫరెన్స్’ అని రాసి ముందుకెళ్లింది. సీనియర్ ఆపి ఒక్కమాట అడిగాడు: “మరి ఈ నెల పన్ను ఎంత కట్టాలి?”

ఏప్రిల్‌కు 15,300 క్రెడిట్ లేదు. కాబట్టి మే 20న దుకాణదారుడు ఆ మేరకు నగదు కట్టాలి. సరఫరాదారుడు జూలై 13 లోపు చూపిస్తే, జూలై 14న వచ్చే 2B లో బిల్లు కనిపిస్తుంది, జూలై 20 నాటి రిటర్న్‌లో క్రెడిట్ దొరుకుతుంది. రెండు నెలలు ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. ఇంకో తేడా కూడా ఉంది. బీఆర్‌ఎస్‌లో అవతలివైపు ఉన్నది బ్యాంకు, రాయడమే దాని పని. ఇక్కడ అవతలి మనిషి ఇంకో వ్యాపారి. తన వీలును బట్టి రాస్తాడు, మరిచిపోవచ్చు, అసలు రాయకపోనూవచ్చు. అంటే ఈ తేడా తనంతట తాను పోతుందన్న హామీ లేదు.

పాఠ్యపుస్తకంలో ‘కాలం తెచ్చిన తేడా’ అనేది ఒక నిర్దోషమైన గది. ఆఫీసులో అదే గదిలోకి డబ్బు ఖర్చయ్యేవీ, ప్రమాదం ఉన్నవీ వచ్చి చేరాయి. బీఆర్‌ఎస్ పాఠానికి ఈ ప్రశ్న జవాబు చెప్పదు. రెండో సంవత్సరంలో చదివిన వర్కింగ్ క్యాపిటల్ పాఠం, అంటే రోజువారీ వ్యాపారం నడవడానికి చేతిలో ఆడాల్సిన డబ్బు గురించిన పాఠం కావాలి. ఒక పాఠం ఆగిన చోట ఇంకో పాఠాన్ని ఎందుకు తెచ్చుకున్నారో చెప్పడం విశ్లేషణ. గ్రాహం గిబ్స్ 1988లో ఇచ్చిన ఆరు మెట్ల చక్రాన్ని చాలా కాలేజీల్లో చెబుతారు: ఏం జరిగింది, ఏమనిపించింది, మంచిచెడ్డలు, విశ్లేషణ, నిర్ధారణ, తర్వాతి కార్యాచరణ. అందులో విద్యార్థులు దాటవేసేది ఎప్పుడూ నాలుగో మెట్టే. మొదటి మూడు మెట్లకు రెండు పేజీలు రాసి, నాలుగోదానికి ‘దీనివల్ల చాలా నేర్చుకున్నాను’ అని ఒక వాక్యం రాస్తారు.

లెక్క వేశాక మారిన అభిప్రాయం

మొదట్లో ఆమె అభిప్రాయం గట్టిగానే ఉంది. మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్ల దగ్గర కొనడం నష్టం, దుకాణదారుడికి ఆ మాట చెప్పాలి అనుకుంది. స్టేట్‌మెంట్‌లో అలాగే రాసి ఉంటే అదీ ఒక రకంగా బాగానే ఉండేది. కానీ నష్టం అన్నాక ఎంత అని అడగాలి కదా.

దుకాణదారుడు ఏడాదికి 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకుంటాడని అనుకుంటే, 15,300 మీద రెండు నెలల వడ్డీ 306 రూపాయలు. అంతే. అదే 85,000 సరుకును ఇంకో సరఫరాదారుడు ఒక్క శాతం ఎక్కువకు ఇస్తే 850 రూపాయలు పోతాయి. అంటే ఈయన ఒక్క శాతం చవగ్గా ఇచ్చినా, ఆలస్యాన్ని భరించి ఈయన దగ్గరే కొనడం లాభం. పైగా మే బిల్లుకు ఆలస్యం ఒక నెలే, జూన్ బిల్లుకు అసలు లేదు. అయితే ప్రతినెలా ఇంతే సరుకు కొంటే ఒక దశలో 30,600 రూపాయలు ఒకేసారి ఇరుక్కుంటాయి. సీజన్‌లో చేతిలో డబ్బు ఆడని చిన్న దుకాణానికి వడ్డీ కంటే అదే పెద్ద ఇబ్బంది. కాబట్టి చెప్పాల్సిన సలహా ‘ఆయన దగ్గర కొనొద్దు’ అన్నది కాదు, ‘ఆయన్ని IFF వాడమని అడగండి’ అన్నది.

ఇక్కడ ఆమె అంచనా తలకిందులైంది. లెక్క చిన్నదే, బడిలో నేర్చుకున్న సాధారణ వడ్డీ. కానీ ఆ లెక్క వేయడం వల్ల ఒక అభిప్రాయం పోయి ఇంకోటి వచ్చింది, ఎందుకు వచ్చిందో చూపించవచ్చు. క్రిస్ ఆర్గిరిస్, డోనాల్డ్ షాన్ 1974లో ఒక భేదం చెప్పారు. మనిషి తాను పాటిస్తున్నానని చెప్పుకునే సిద్ధాంతం ఒకటి, పనిలో నిజంగా నడిపించే సిద్ధాంతం ఇంకోటి. పరీక్షలో అడిగితే ఆ అమ్మాయి వర్కింగ్ క్యాపిటల్ నిర్వచనం గడగడా చెప్పేది. బిల్లు పక్కన ‘టైమింగ్ డిఫరెన్స్’ అని రాసి వదిలేసినప్పుడు ఆమె చేతిని నడిపించింది మాత్రం బీఆర్‌ఎస్ అలవాటు. రెంటి మధ్య ఉన్న ఆ ఎడాన్ని చూడగలగడమే రిఫ్లెక్షన్. దాన్ని రాయడానికి ఏ పెద్ద మాటలూ అవసరం లేదు.

ఆమె స్టేట్‌మెంట్‌లో ఈ భాగం ఇలా ఉండొచ్చు:

“ఏప్రిల్ కొనుగోళ్లను 2B తో పోల్చినప్పుడు ఆరు బిల్లులు మిగిలాయి. బ్యాంక్ రీకన్సిలియేషన్ పాఠంలో చేసినట్టే వాటిని తప్పులు, కాలం తెచ్చిన తేడాలు అని విడదీశాను. నాలుగింటికి ఇది సరిపోయింది. ఒక పెద్ద బిల్లును కాలం తెచ్చిన తేడాగా గుర్తించి వదిలేశాను. దానివల్ల క్లయింట్ ఆ నెల 15,300 నగదు కట్టాల్సి వస్తుందని సీనియర్ అడిగేదాకా నాకు తట్టలేదు. బ్యాంకు విషయంలో ఇలాంటి తేడాకు ఖర్చు ఉండదు, పన్ను క్రెడిట్ విషయంలో ఉంటుంది. అందుకే ఇక్కడ వర్కింగ్ క్యాపిటల్ దృష్టితో చూడాలని అర్థమైంది. ఆ సరఫరాదారుణ్ణి మార్చాలని మొదట అనుకున్నాను. 12 శాతం వడ్డీ అనుకుని లెక్క వేస్తే రెండు నెలల ఖర్చు 306 రూపాయలే వచ్చింది. ధరలో ఒక శాతం తేడా అంతకంటే ఎక్కువ. కాబట్టి సరఫరాదారుణ్ణి మార్చడం కంటే IFF వాడమని కోరడం మేలని ఇప్పుడు అనుకుంటున్నాను. సరఫరాదారుడు బిల్లు చూపించి పన్ను మాత్రం కట్టకపోతే ఏమవుతుందో నాకింకా స్పష్టంగా తెలియదు. రూల్ 37A చదివి, తర్వాతి సెమిస్టర్‌లో ట్యాక్సేషన్ ప్రాజెక్టుకు దీన్నే అంశంగా తీసుకుంటాను.”

చివరి రెండు వాక్యాలు చూడండి. తెలియనిదేమిటో ఖచ్చితంగా చెప్పింది, ఏం చదవబోతుందో పేరుతో చెప్పింది. ‘భవిష్యత్తులో నా నైపుణ్యాలను ఇంకా పెంచుకుంటాను’ అన్న వాక్యాన్ని ఎవరూ తనిఖీ చేయలేరు, దీన్ని చేయగలరు. ఫోన్ చేయడానికి ఆమె భయపడి ఉండొచ్చు, ఆ సంగతి ఇందులో లేదు. భావాలు రాయకూడదని కాదు. ఆ భయం వల్ల ఫోను మూడు రోజులు ఆలస్యమై 20వ తేదీ గడువు ముంచుకొచ్చి ఉంటే తప్పక రాయాలి. భావం పనిని ఎటో నెట్టినప్పుడే దానికి ఇక్కడ చోటు.

ఫైళ్లు సర్దడమే పనైతే

ఇంత మంచి పని అందరికీ దొరకదు. రెండు నెలలూ బిల్లులు తేదీల వారీగా పేర్చడం, జిరాక్సులు తీయడం, టీ తెప్పించడం చేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల దగ్గరా రాయడానికి ఉంటుంది, చూసే కోణం మారాలి. ఓచర్లు పేరుస్తున్నప్పుడు ఒక క్లయింట్ చిల్లర ఖర్చుల ఓచర్లన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, వరస నంబర్లతో ఉన్నాయనుకోండి. అవి ఏరోజుకారోజు రాసినవి కాకపోవచ్చు, నెలాఖరున ఒకేసారి కూర్చుని రాసినవి కావచ్చు. ఆడిటింగ్‌లో ఓచర్‌ను సాక్ష్యం అని చదివారు. ఖర్చు జరిగినప్పుడు పుట్టిన సాక్ష్యానికీ, తర్వాత జ్ఞాపకం మీద తయారైన సాక్ష్యానికీ విలువ ఒకటేనా? డబ్బు ఇచ్చే మనిషి, ఓచర్ రాసే మనిషి ఒక్కడే అయితే అంతర్గత నియంత్రణ పాఠం ఏం చెబుతుంది? ఇద్దరు మనుషులే ఉన్న దుకాణంలో పనులను విడదీయడం సాధ్యమా, సాధ్యం కాకపోతే యజమాని స్వయంగా సంతకం పెట్టడం ఆ లోటును ఎంతవరకు పూడుస్తుంది? ఫైలు సర్దిన పిల్లవాడు ఈ ప్రశ్నలు రాస్తే, వంద ఎంట్రీలు చేసి ఏ ప్రశ్నా రాయనివాడి కంటే ఎక్కువ నేర్చుకున్నాడని నేను నమ్ముతాను.

అయితే ఒక హద్దు ఉంది. ఒకే చేతిరాత చూసి ‘దొంగ ఓచర్లు’ అని తీర్పు చెప్పేయకూడదు. చూసినదాన్ని చూసినట్టు రాయాలి, ఊహించినదాన్ని ఊహగా రాయాలి. ఆ ఆఫీసులో అలా చేయడానికి మనకు తెలియని కారణం ఉండొచ్చు, అడిగే వీలుంటే అడిగి ఆ జవాబు కూడా రాయాలి. అలాగే ఏ పాఠానికీ కుదరని పని ఉంటే దాన్ని బలవంతంగా ఏదో సిద్ధాంతానికి కట్టకుండా వదిలేయడం మంచిది.

క్లయింట్ల వివరాల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దుకాణం పేరు, జీఎస్టీ నంబరు, సరఫరాదారుడి పేరు, ఫోను నంబరు ఏవీ స్టేట్‌మెంట్‌లోకి రాకూడదు. ట్యాలీ స్క్రీన్‌షాట్లు అనుబంధంగా పెట్టడం చాలాచోట్ల అలవాటైపోయింది. అందులో పేర్లూ, బ్యాంకు ఖాతా నంబర్లూ కనిపిస్తుంటాయి. ‘శానిటరీ సామాన్ల దుకాణం’ అంటే సరిపోతుంది. చిన్న ఊళ్లో అదీ ఎవరిదో తెలిసిపోతుందనుకుంటే ‘ఒక రిటైల్ వ్యాపారి’ అనండి. మొత్తాలను కూడా దామాషా చెడకుండా మార్చుకోవచ్చు, మార్చామని ఒక్క వాక్యంలో చెబితే చాలు.

లాగ్‌బుక్‌లో పట్టనివి

పైన చెప్పిన వివరాలేవీ జూన్ చివర కూర్చుని రాస్తే గుర్తుకు రావు. 64 లో ఆరు మిగిలాయన్నది, సీనియర్ అడిగిన ఒక్కమాట, ఫోనులో వచ్చిన జవాబు ఆరోజే రాసుకోకపోతే పోతాయి. ప్రోగ్రామ్ బుక్‌లో రోజువారీ లాగ్‌కు గడులుంటాయి: తేదీ, ఆరోజు పని, నేర్చుకున్నది, ఇన్‌ఛార్జి సంతకం. ‘నేర్చుకున్నది’ అన్న గడి చాలా చిన్నది. అందులో పట్టేలా రాయబోయి అందరూ ‘జీఎస్టీ గురించి తెలుసుకున్నాను’ అని రాస్తారు. విడిగా ఒక నోటుబుక్ పెట్టుకుని, ఆరోజు నేను అనుకున్నదొకటి జరిగిందొకటి అయిన చోటు ఏదైనా ఉందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకుంటే చాలు. చాలా రోజులు ‘లేదు’ అనే ఉంటుంది. ఉన్న నాలుగైదు రోజులే స్టేట్‌మెంట్ అవుతాయి. అందులోనూ రెండింటిని ఎంచుకుని లోతుగా రాయడం, ఎనిమిదింటిని తలో రెండు వాక్యాలతో తాకి వదిలేయడం కంటే మేలు.

స్టేట్‌మెంట్ ఇంగ్లిష్‌లో ఇవ్వాల్సిన కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో ఆలోచించబోతే ‘హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌పీరియన్స్’, ‘రియల్-టైమ్ ఎక్స్‌పోజర్’ లాంటి రెడీమేడ్ మాటలే ముందు చేతికొస్తాయి. ముందు జరిగిందంతా తెలుగులో, ఇంట్లో అక్కకో తమ్ముడికో చెబుతున్నట్టు రాసుకోండి. అక్క మధ్యలో “అయితే ఏమైంది?” అని అడుగుతుంది కదా, ఆ ప్రశ్నకు జవాబు ఉన్నచోట విశ్లేషణ ఉన్నట్టు, నీళ్లు నమిలిన చోట లేనట్టు. ఆ తర్వాతే ఇంగ్లిష్‌లోకి తెచ్చుకోవాలి.

వైవాలో ఎగ్జామినర్ స్టేట్‌మెంట్ నుంచే ప్రశ్నలు తీస్తారు. ఇలాంటి స్టేట్‌మెంట్ ఇచ్చిన అమ్మాయిని ‘జీఎస్టీ అంటే ఏమిటి’ అని అడగరు. ఏప్రిల్ 30 నాటికి ఆ 15,300 దుకాణం పుస్తకాల్లో ఎక్కడ ఉంది, కొనుగోలు ఖర్చులో కలిపారా లేక రావలసిన క్రెడిట్‌గా విడిగా చూపించారా అని అడుగుతారు. క్రెడిట్ వస్తుందన్న నమ్మకం ఉన్నంతవరకు దాన్ని ఖర్చులో కలపరు, వేరే లెడ్జర్‌లో ఆస్తిగా ఉంచుతారు. వచ్చే ఆశ పోతే అప్పుడు ఖర్చులోకి తెస్తారు. క్రెడిట్ తీసుకోవడానికి చివరి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, ఆలోపే వార్షిక రిటర్న్ వేస్తే ఆ తేదీ. ఈ జవాబు స్టేట్‌మెంట్‌లో లేకపోయినా ఫర్వాలేదు. ఆ బిల్లుతో ఒక పూట కూర్చున్న మనిషి ఆ ప్రశ్నను గుర్తుపడుతుంది, జవాబు దాకా తన దారి తాను వెతుక్కోగలుగుతుంది.